ఫోటో ఒక్కటే ఉంది: ఈ మెలికల ముగ్గుకు పేరు కావాలా, చుక్కలు కావాలా?

గౌతమితీరం · ఉదయం 6:40

[ఫోటో: పేడనీళ్ళు చల్లిన వాకిలి, మధ్యలో తెల్లటి చిన్న మెలికల ముగ్గు. మెట్టు మీద నిలబడి మూలగా తీసింది.]

గొబ్బెమ్మ · ఉదయం 6:52

ఎంత బాగుందో! గీత ఎక్కడా లావు సన్నం లేకుండా ఒకే తీరుగా వచ్చింది. కల్లాపి కూడా సరిగ్గా ఆరింది. మీరే వేశారా అండీ?

సందుచుక్క · ఉదయం 7:05

ఇది సందు చుక్కల ముగ్గు. మూడు, రెండు, మూడు, రెండు, మూడు. మొత్తం 13. ఫోటోలో వరుసలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. చుక్కల కోసమే పెట్టి ఉంటే ఇదిగో, తీసుకోండి.

వరంగల్ కోడలు · ఉదయం 7:20

పేరు అడుగుతున్నారేమో. మా అత్తగారింట్లో దీన్ని గాలిమర ముగ్గు అంటారు. నాలుగు కొమ్మలూ ఒకే వైపు తిరిగి ఉంటాయి కదా, అందుకు. సాన్పి చల్లగానే మంగళవారం, శుక్రవారం ఇదే వేస్తాం.

పిండిచేయి · ఉదయం 7:48

అమ్మా గౌతమితీరం, ఫోటో పెట్టి ఏమీ రాయలేదు. ముగ్గు ఫోటో ఒక్కటే పెట్టేవాళ్ళలో చాలామంది చుక్కల కోసమే పెడతారు. ఇక్కడ చుక్కలు ఫోటోలోనే కనబడుతున్నాయి. గీత చుక్కను తాకకుండా చుట్టూ తిరిగింది కాబట్టి ఇది మెలికల ముగ్గు. చుక్కల్ని కలిపే గీతల ముగ్గయితే చుక్కలు గీత కింద దాగిపోతాయి, అప్పుడు అడగాల్సి వస్తుంది. ఇక్కడ ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు. కాబట్టి మీ సందేహం చుక్కల గురించి కాదనిపిస్తోంది. మెచ్చుకోవడానికే పెట్టి ఉంటే సంతోషం, చేయి చాలా బాగుంది. గీత తిప్పే దారి కావాలంటే మాత్రం చెప్పండి, ఆ సమాధానం పెద్దది.

సందుచుక్క గారూ, లెక్క 13 సరే. కానీ ఫోటో మూలగా తీశారు. ఎడమ కింద మూలలో గడప అంచు కొద్దిగా కనిపిస్తోంది చూడండి. ఆ గడపకు సమాంతరంగా చూస్తే వరుసలు ఒకటి, మూడు, అయిదు, మూడు, ఒకటి. చుక్క కింద చుక్క నిలువుగా వస్తుంది. అంటే ఎదురు చుక్కలు.

```
    .
  . . .
. . . . .
  . . .
    .
```

సందుచుక్క · ఉదయం 8:02

అక్కా, నేను కాగితం మీద వేసి తిప్పి చూశాను. మీరు చెప్పింది 45 డిగ్రీలు తిప్పితే నేను చెప్పిందే వస్తోంది. మరి నాది తప్పెలా అవుతుంది?

పిండిచేయి · ఉదయం 8:15

తప్పని కాదు, అవే 13 చుక్కలు. కానీ సందు చుక్కలు పెట్టేటప్పుడు మన చేయి అలవాటుగా వరుసకీ వరుసకీ మధ్య కూడా చుక్కల ఎడమంత దూరం వదిలేస్తుంది. ఈ ముగ్గుకి మీ పద్ధతిలో వరుసల ఎడం చుక్కల ఎడంలో సగమే ఉండాలి. లేకపోతే ముగ్గు నిలువుగా సాగిపోయి రేకులు సన్నగా వస్తాయి. కొత్తవాళ్ళకి ఎదురు చుక్కలే సులువు.

హైటెక్ బాబాయి · ఉదయం 8:31

అపార్టుమెంట్లో మా గుమ్మం ముందు నున్నటి టైల్స్. ముగ్గు పిండి నిలవడం లేదు, ఫ్యాన్ గాలికి కొట్టుకుపోతోంది. ఈ ఫోటోలో ఎలా నిలిచింది? ఏ పిండి వాడారు?

గొబ్బెమ్మ · ఉదయం 8:40

బాబాయిగారూ, అది మట్టి వాకిలి. మీకైతే బియ్యప్పిండి నీళ్ళలో పలచగా కలిపి, గుడ్డ ముంచి వేళ్ళ మధ్య పిండుతూ వేస్తే ఆరాక అంటుకుంటుంది. దీని గురించి విడిగా ఒక చర్చ పెట్టండి, అందరం రాస్తాం.

గౌతమితీరం · ఉదయం 10:10

క్షమించండి. ఫోటోతో పాటు చాలా రాశాను, అది రాలేదని ఇప్పుడే చూశాను. పొద్దున పనుల్లో పడి మళ్ళీ తెరవలేదు.

ఈ ముగ్గు మా అత్తయ్యగారు వేసింది. ఫోటో పోయిన ఏడాదిది. పోయిన వారం ఆవిడ మణికట్టుకు దెబ్బ తగిలింది, కట్టు కట్టారు. నెల పట్టాక ఇంటి ముందు ముగ్గు లేకుండా ఉండకూడదని ఆవిడ బాధ. నేను వేస్తానన్నాను. ఆవిడ మెట్టు మీద కూర్చుని చెబుతారు, నేను వేస్తాను. కానీ "చేతికి వచ్చు, నోటికి రావడం లేదమ్మా" అంటున్నారు. కట్టు ఉన్న చేయి గాలిలో తిప్పి చూపించబోతే నొప్పి పుడుతోంది. అందుకే అడగడం మానేసి ఫోటో చూసి వేశాను.

చుక్కలు సరిగ్గానే పెట్టాను, ఒకటి మూడు అయిదు మూడు ఒకటి. అత్తయ్యగారిది ఒకే గీత. మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగుతుంది, మధ్యలో చేయి ఎత్తరు. నాకు మాత్రం మూడు విడివిడి గీతలు వస్తున్నాయి. రెండుసార్లు చెరిపి వేశాను, మళ్ళీ మూడే. అదీ నా ప్రశ్న. పేరు కూడా తెలిస్తే బాగుండును. అత్తయ్యగారు దీన్ని "మన ముగ్గు" అనే అంటారు.

లెక్కల మాస్టారు · ఉదయం 10:35

దీనికి లెక్క ఉంది. అడ్డం చుక్కలు, నిలువు చుక్కలు తీసుకుని వాటి గ.సా.భా. కట్టండి. అన్ని గీతలు వస్తాయి. 4 అడ్డం 5 నిలువు అయితే ఒకే గీత. 4, 6 అయితే రెండు. ఇక్కడ 5, 5 కాబట్టి అయిదు గీతలు రావాలి. ఒకే గీతతో ఇది సాధ్యం కాదు. ఫోటోలో కూడా ఎక్కడో అతుకు ఉండి ఉంటుంది, జాగ్రత్తగా చూడండి.

పిండిచేయి · ఉదయం 11:20

మాస్టారూ, మీ లెక్క నిండు చతురస్రానికీ దీర్ఘచతురస్రానికీ సరిపోతుంది. పక్కపక్క చుక్కల మధ్య ప్రతి సందులోనూ గీతలు ఒకదాన్నొకటి దాటినప్పుడు అలాగే వస్తుంది, నేనూ వేసి చూశాను. కానీ ఇది 25 చుక్కల నిండు గళ్ళు కాదు, మూలలు కోసిన 13. ఆ అమ్మాయికి అయిదు కాదు, మూడు వచ్చాయి. అన్ని సందుల్లోనూ దాటిస్తే ఈ చుక్కలకి మూడే వస్తాయి.

అమ్మా గౌతమితీరం, మీకు వచ్చిన మూడు గీతలు ఇలా ఉన్నాయా చెప్పండి. ఒక పొడుగాటి చుట్టు కుడి పై మూల చుక్కనీ, మధ్య చుక్కనీ, ఎడమ కింద మూల చుక్కనీ కలుపుకుని ఏటవాలుగా ఉంటుంది. అలాంటిదే ఇంకొకటి దాన్ని దాటుతూ అటు ఏటవాలుగా. మూడోది పెద్దది, బయట నాలుగు కొసల్లో నాలుగు రేకులు చుట్టి లోపలికి రాకుండా తిరుగుతుంది.

గౌతమితీరం · ఉదయం 11:28

అచ్చం అలాగే ఉంది! మీరు పక్కన నిలబడి చూసినట్టు చెప్పారు.

పిండిచేయి · మధ్యాహ్నం 12:05

అయితే మీ చేతిలో పొరపాటు లేదు. ఫోటోలో ఉన్న ఒక చిన్న సంగతి మీ కంటికి ఆనలేదు, అంతే. పక్కపక్క చుక్కల మధ్య సందులు మొత్తం 16. మీరు పదహారింటిలోనూ మెలిక వేశారు. అత్తయ్యగారు పన్నెండింటిలోనే వేశారు. నాలుగు సందుల్లో గీతలు దగ్గరకు వచ్చి, దాటకుండా, వీపు వీపు ఆనించినట్టు వంగి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతాయి. ఫోటో పెద్దది చేసి మూల చుక్కల దగ్గర చూడండి.

మధ్య చుక్క నుంచి నాలుగు కొమ్మలు వెళ్తాయి. ఒక్కో కొమ్మకీ రెండు చుక్కలు, లోపలిది ఒకటి, కొసది ఒకటి. కొమ్మకీ కొమ్మకీ మధ్య ఒక మూల చుక్క. మధ్య చుక్క మీద నిలబడి కొసవైపు చూస్తున్నాననుకోండి. ఆ కొమ్మ తన కుడిచేతి పక్కనున్న మూల చుక్కని మెలికతో కలుపుకుంటుందా, ఎడమచేతి పక్కనున్నదాన్నా? మీ అత్తయ్యగారి ముగ్గులో ప్రతి కొమ్మా తన కుడిచేతి పక్కనున్న మూల చుక్కనే కలుపుకుంది. ఎడమ పక్కన ఉన్నదాన్ని వదిలేసింది. వరంగల్ కోడలు గాలిమర అన్నది అందుకే.

ఇక దారి. కుడి కొమ్మతో మొదలుపెట్టండి. మధ్య చుక్కకూ కుడి లోపలి చుక్కకూ నడుమ సందులోంచి గీత ఎత్తుకోండి. అది కుడి లోపలి చుక్క పైనుంచి వంగాలి. అక్కడ పైన ఉన్న మూల చుక్క వైపు వెళ్ళకూడదు. కొస చుక్క ముందున్న సందు దాటి, కొస చుక్కని కిందనుంచి పైకి చుట్టి, అదే సందు మళ్ళీ దాటి వెనక్కి రావాలి. అక్కడినుంచి లోపలి చుక్కకీ దాని కింద మూల చుక్కకీ మధ్య సందు దాటి, మూల చుక్కని ఎడమ పక్కనుంచి చుట్టి, అదే సందు దాటి పైకి వచ్చి, మొదలుపెట్టిన సందుని ఇంకోసారి దాటండి. మధ్య చుక్క పై పక్కన వంగితే గీత తనంతట తనే పై కొమ్మలోకి వెళ్తుంది. అక్కడా ఇదే వరస: ముందు కొస, తర్వాత కుడిచేతి మూల చుక్క, తర్వాత బయటికి. ఆ తర్వాత ఎడమ కొమ్మ, చివరికి కింది కొమ్మ. కింది కొమ్మ పూర్తయ్యేసరికి మొదటి చోటికే వస్తారు.

చుక్కల ఎడం బెత్తెడు ఉంచండి. అంతకన్నా దగ్గరైతే, వదిలేసిన ఆ నాలుగు సందుల్లో పిండి కలిసిపోయి మెలికలా కనిపిస్తుంది. ముందు కాగితం మీద రెండుసార్లు వేయండి.

వరంగల్ కోడలు · మధ్యాహ్నం 12:30

మా ఇంట్లో ఎడమచేతి వైపు కలుపుతాం. తప్పా?

పిండిచేయి · మధ్యాహ్నం 12:41

తప్పేం లేదు, అద్దంలో చూసినట్టు ఉంటుంది. నాలుగు కొమ్మలూ ఒకే వైపు తిరగాలి, అంతే. ఒక మూల చుక్క అటు కలిసి, మిగతా మూడూ ఇటు కలిసినా గీత ఒక్కటే వస్తుంది. కాకపోతే ఒక కొమ్మకి రెండు చుక్కలు, ఇంకో కొమ్మకి ఏమీ లేక బోసిగా ఉంటుంది.

లెక్కల మాస్టారు · మధ్యాహ్నం 1:10

వేసి చూశాను, ఒకే గీత వచ్చింది. సాధ్యం కాదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడు కారణం కనిపిస్తోంది. మెలిక ఉన్న సందుల మీదుగా చుక్కలు కలుపుతూ గీస్తే చెట్టులా వస్తోంది. మధ్య నుంచి కొమ్మలు, కొమ్మకి రెమ్మలు, ఎక్కడా తిరిగి కలుసుకోవు. 13 చుక్కలకి 12 మెలికలు. అలా ఎక్కడా గూడు కట్టకుండా ఉంటే ఎన్ని చుక్కలైనా గీత ఒకటే రావాలి.

పిండిచేయి · మధ్యాహ్నం 1:25

మా అమ్మ "గూడు కట్టనీయకు" అనేది. మీరు అదే మాట అన్నారు మాస్టారూ.

గౌతమితీరం · మర్నాడు ఉదయం 6:15

[ఫోటో: అదే వాకిలి, కొత్త ముగ్గు. ఈసారి నేరుగా పైనుంచి తీసింది.]

కాగితం మీద ఒకే గీత వచ్చింది. నేల మీద వేసేసరికి రెండు గీతలు. కుడి కొస రేకు నుంచి వేలితో వెళ్తుంటే కింద కుడి మూల చుక్క, ఆ తర్వాత పై కొస రేకు తిరిగి మళ్ళీ కుడి రేకుకే వచ్చేస్తోంది. ఎడమ, కింది కొమ్మల దగ్గరికి వెళ్ళనే లేదు. అత్తయ్యగారు చూసి "ఒక చోట తప్పావు" అన్నారు, ఎక్కడో చెప్పలేకపోయారు. చాలా టెన్షన్‌గా ఉంది, ఎండ ఎక్కేలోపు సరిచేయాలి.

పిండిచేయి · ఉదయం 6:22

కుడి కొమ్మకీ పై కొమ్మకీ మధ్య ఉన్న మూల చుక్క చూడండి. అది పై కొమ్మతోనే కలవాలి. మీరు కుడి కొమ్మతో కూడా మెలిక వేశారు. ఒక మూల చుక్క రెండు వైపులా కలిస్తే ఒక గూడు కడుతుంది, గీత రెండవుతుంది. ఒక సందులో ఒక్క మెలిక ఎక్కువైంది, మిగతాదంతా సరిగ్గా ఉంది.

మొత్తం చెరపకండి. ఆ మూల చుక్కకూ దాని కింద ఉన్న కుడి లోపలి చుక్కకూ మధ్య మెలికని తడిగుడ్డ కొసతో బెత్తెడు మేర తుడవండి. తుడిచిన చోట తడి ఆరేదాకా ఆగండి. తడి మీద వేస్తే పిండి పీల్చుకుని గీత లావవుతుంది. ఆరాక పైన ఉన్న రెండు కొసల్నీ మూల చుక్క కిందుగా వంపు తిప్పి కలపండి, కింద ఉన్న రెండు కొసల్నీ లోపలి చుక్క పైగా కలపండి.

సందుచుక్క · ఉదయం 6:30

నేను కూడా నిన్న రాత్రి వేశాను, మూడు రెండు మూడు పద్ధతిలోనే, వరుసల ఎడం సగానికి తగ్గించి. బాగా వచ్చింది. కానీ ఏ సందు వదలాలో గుర్తుపెట్టుకోవడానికి ఎదురు చుక్కలే సులువు, ఒప్పుకుంటున్నాను.

గౌతమితీరం · ఉదయం 6:58

[ఫోటో: సరిచేసిన ముగ్గు. పై కుడి మూల దగ్గర చిన్న తడి మరక.]

వచ్చేసింది! వేలితో రెండుసార్లు తిరిగాను, నాలుగు కొమ్మలూ తిరిగి మొదటికే వస్తోంది. అత్తయ్యగారు లేచి వచ్చి చూశారు. తుడిచి వేసిన చోట గీత కాస్త లావుగా ఉందన్నారు. రేపు పిండి ఇంకొంచెం తక్కువ పట్టుకోమన్నారు. బొటనవేలు కొంచెం ముందుకు జరిపితే సన్నగా పడుతుందట.

పేరు సంగతి అడిగాను. వాళ్ళమ్మగారు కూడా పేరు పెట్టలేదట. "చిన్నప్పుడు మా వాకిట్లో రోజూ ఉండేది, పేరెందుకు?" అన్నారు.

మైలాపూర్ తెలుగింటి అమ్మాయి · ఉదయం 7:30

మా వీధిలో తమిళులు ఇలాంటి వాటన్నిటినీ సిక్కు కోలం అంటారు, కానీ అది ఈ తరహా ముగ్గులకు ఉన్న పేరు. ఈ ఒక్క ముగ్గుకి విడిగా పేరేమిటని పక్కింటావిడని అడిగితే, ఆవిడ కూడా చేత్తో వేసి చూపించారు తప్ప పేరు చెప్పలేదు. గాలిమర అనే పేరు ఇంకెక్కడైనా ఉందా?

వరంగల్ కోడలు · ఉదయం 7:41

మా ఆడపడుచుల ఇళ్ళలో ఉంది. వాళ్ళంతా మా అత్తగారి దగ్గర నేర్చుకున్నవాళ్ళే, కాబట్టి అది ఒక ఇంటి పేరే అనుకోవాలి.

లెక్కల మాస్టారు · ఉదయం 8:05

ఏడు చుక్కల దాకా పెంచితే 25 చుక్కలు. దానికి 24 మెలికలు వేసి నాలుగు కొమ్మలూ ఒకేలా తిప్పాలి. కాగితం మీద మొదలుపెట్టాను, బయటి వరుసలో మూల చుక్కలు ఎక్కువై, ఏది ఏ కొమ్మకి ఇవ్వాలో తేలడం లేదు.

పిండిచేయి · ఉదయం 8:20

రెండు మూడు రకాలుగా ఇవ్వొచ్చు మాస్టారూ. మీది ఫోటో పెట్టండి, నేనూ సాయంత్రం వేసి పెడతాను. గౌతమితీరం, రేపు నేరుగా నేల మీదే వేయండి, కాగితం వద్దు. అత్తయ్యగారిని ఆ మూల పక్కనే కూర్చోమనండి. గీత ఆ సందు దగ్గరికి రాగానే ఆవిడ "ఆగు" అంటే చాలు.

గౌతమితీరం · ఉదయం 8:26

ఇప్పుడే చెప్పాను. రేపటికి పీట అక్కడే వేయమన్నారు.